ఇరవై మాత్రల తూకం, ఒక కాగితం

మాత్రల పరిమాణాన్ని యంత్రం బరువును బట్టి కొలవదు. పై హాపర్ నుంచి జారిన పొడి డై అనే గుంతలో నిండుతుంది, పైనా కిందా ఉన్న పంచ్‌లు దాన్ని నొక్కుతాయి. పొడి సరిగా జారకపోతే గుంత సగమే నిండి, మాత్రలో మందు తగ్గుతుంది. అందుకే జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా, మందుల ఫ్యాక్టరీలో ఇంటర్న్‌గా చేరినవారికి మొదట్లో అప్పగించే పనుల్లో తూకం ఒకటి.

ఉదాహరణకు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్ర సగటు బరువు 600 మిల్లీగ్రాములు ఉండాలనుకుందాం. అరగంటకోసారి 20 మాత్రలు తీసి విడివిడిగా తూస్తారు. 250 మిల్లీగ్రాములు, అంతకు పైబడిన మాత్రలకు ఇండియన్ ఫార్మకోపియా ఇచ్చే వెసులుబాటు సగటుకు అటూ ఇటూ 5 శాతం. సగటు 600 వస్తే 570 నుంచి 630 వరకు అన్నమాట. ఇరవైలో రెండింటికి మించి ఈ హద్దు దాటకూడదు. ఒక్కటి కూడా 10 శాతం దాటకూడదు.

ఉదయం తొమ్మిదికి యంత్రం మొదలైంది, గంటకు 40 వేల మాత్రలు వస్తున్నాయి. పదిన్నర తూకం బాగుంది. పదకొండుకు మూడు మాత్రలు 548, 556, 562 తూగాయి. యంత్రం ఆపి, పదిన్నర తర్వాత వచ్చిన సుమారు 20 వేల మాత్రలను విడిగా పెట్టి లేబుల్ వేయాలి. అంతకుముందు వచ్చిన 60 వేలు మిగలడానికి ఆధారం బ్యాచ్ రికార్డులోని పదిన్నర అంకెలే. అవి తూయకుండా రాసినవైతే ఆ 60 వేలలో ఏది మంచిదో ఎవరూ చెప్పలేరు. ఇంటర్న్ నేర్చుకోవలసినవాటిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. 27 స్టేషన్ల యంత్రంలో ఒక్క పంచ్ బిగుసుకుంటే చెడ్డ మాత్ర 27కి ఒకటే వస్తుంది. ఇరవై తీస్తే అది చిక్కకపోవచ్చు. అనుమానం వస్తే ఒక పూర్తి చుట్టులోని 27 మాత్రలనూ వరుసగా తూయాలి. లోపం ఒకే స్టేషన్‌ది అయితే పంచ్‌ను, చాలావాటిది అయితే పొడి జారుడును చూడాలి.

అంకెను బ్యాలెన్స్ మీద చూసిన క్షణంలోనే రికార్డులో రాయాలి. చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఎక్కించకూడదు. తప్పు పడితే పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది, కారణం, సంతకం, తేదీ రాయాలి. వైట్‌నర్ నిషిద్ధం. చేసినవారు, చూసినవారు వేర్వేరు సంతకాలు చేయాలి. తాను చూడని పనికి సంతకం పెట్టమంటే ఇంటర్న్ నిరాకరించాలి.

చివర లెక్క సరిచూస్తారు. 120 కిలోల పొడి పోస్తే మంచి మాత్రలు, తీసేసినవి, నమూనాలు, దుమ్ము అన్నీ కలిపి దాదాపు అంతే రావాలి. తేడా నిర్ణీత హద్దు దాటితే కారణం తేలేదాకా బ్యాచ్ విడుదల కాదు. మన దేశపు షెడ్యూల్ ఎం ప్రకారం ఈ రికార్డును మందు గడువు ముగిశాక కనీసం ఒక సంవత్సరం దాచాలి.