రెండు రోజుల్లో మాలాక్ ల్యాబ్: తప్పు మొదటి అడుగులో, కేక ఐదో అడుగులో

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు 'మాలాక్ ల్యాబ్' పేరు వింటేనే గుండె జారుతుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయంట్, ఓహాలరన్ రాసిన పాఠ్యపుస్తకంతో పాటు పుట్టిన ఈ అభ్యాసాన్ని ఇప్పుడు చాలా దేశాల్లో చేయిస్తున్నారు. ప్రోగ్రామ్ అడిగినప్పుడు మెమరీ ముక్క ఇవ్వాలి, వద్దన్నప్పుడు వెనక్కి తీసుకోవాలి. ఆ పని చేసే కోడ్‌ను `mm.c` అనే ఒకే ఫైల్‌లో మనమే రాయాలి. గడువుకు రెండు రోజులే ఉన్నాయనుకుందాం. నెట్‌లో ఎవరో పెట్టిన జవాబులు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకుండా పని పూర్తవుతుందా? అవుతుంది, కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది సరిగ్గా ఎంచుకోవాలి.

మన కోడ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ పేరు `mdriver`. దాని తీరు తెలిస్తే సగం ప్రణాళిక అదే చెబుతుంది. ఒక్క పరీక్షలో తప్పు వచ్చినా అది తప్పుల లెక్క చెప్పి ఆగిపోతుంది, మొత్తం మార్కు చూపదు. కాబట్టి మొదటి రోజంతా వేగం ఊసెత్తకుండా, నిదానమైనా సరైన కోడ్ కోసమే కేటాయించాలి. పుస్తకంలోని సాదా పద్ధతి చాలు: ప్రతి బ్లాక్‌కు ముందు 4 బైట్ల హెడర్, చివర 4 బైట్ల ఫుటర్, రెండింటిలోనూ బ్లాక్ పరిమాణం, అది ఖాళీయో కాదో తెలిపే ఒక బిట్. పుస్తకం కోడ్ వాడుకోవచ్చో లేదో ముందే కోర్సు నియమాల్లో చూసుకుని, వాడితే ఎక్కడ వాడామో కామెంట్‌లో రాయాలి.

పెద్ద పరీక్షలు వద్దు. ముందు ఇది నడపండి:

```
./mdriver -V -f short1-bal.rep
```

ఇందులో 12 పనులే ఉంటాయి. మొదటి ఐదు ఇవి ('a' అంటే ఇవ్వు, 'f' అంటే వదులు):

```
a 0 2040
a 1 2040
f 1
a 2 48
a 3 4072
```

హెడర్, ఫుటర్ కలిపితే 2040 కాస్తా 2048 అవుతుంది. మొదట తెచ్చుకున్న 4096 బైట్లు రెండు బ్లాకులకు అచ్చంగా సరిపోతాయి. ఇక్కడే అందరూ చేసే ఒక తప్పు చూద్దాం. బ్లాక్‌ను చీల్చేటప్పుడు ఇలా రాస్తారు:

```c
PUT(FTRP(bp), PACK(asize, 1));
PUT(HDRP(bp), PACK(asize, 1));
```

చూడ్డానికి ఏమీ తేడా లేదు. కానీ ఫుటర్ ఎక్కడుందో `FTRP` లెక్కించేది హెడర్‌లోని పరిమాణాన్ని బట్టే. హెడర్ ఇంకా పాత 4096 చెబుతోంది కనుక, సున్నా నంబరు బ్లాక్ ఫుటర్ దూరంగా ఎక్కడో పడుతుంది. దాని అసలు చోట సున్నాలే మిగులుతాయి. మూడో పనిలో ఒకటో బ్లాక్‌ను వదిలినప్పుడు కోడ్ వెనక్కి చూసి, ఆ సున్నాలను 'పక్కది ఖాళీ' అని చదువుతుంది. పక్క బ్లాక్ పరిమాణం సున్నా కనుక తనతో తానే కలిసిపోయి, 2048 బైట్ల బ్లాక్ 4096 అని రాసుకుంటుంది. నాలుగో పని నిశ్శబ్దంగా గడిచిపోతుంది. ఐదో పనిలో మూడో బ్లాక్‌ను తీసుకెళ్లి సరిగ్గా సున్నా నంబరు బ్లాక్ మీదే కూర్చోబెడుతుంది. అప్పుడు గానీ `mdriver` 'ఒకదానిపై ఒకటి పడింది' అని అరవదు. విద్యార్థి ఐదో పని దగ్గర రాత్రంతా వెతుకుతాడు. తప్పేమో మొదటి పనిలో ఉంది!

అందుకే మొదటి రోజు మధ్యాహ్నానికల్లా, మిగతా కోడ్ పూర్తి కాకముందే, ఒక తనిఖీ ఫంక్షన్ రాసుకోవాలి. మొదటి బ్లాక్ నుంచి చివరిదాకా నడుస్తూ అది మూడే ప్రశ్నలు వేస్తుంది. హెడర్, ఫుటర్ ఒకటేనా? పక్కపక్కనే రెండు ఖాళీ బ్లాకులున్నాయా? నడక సరిగ్గా హీప్ చివరే ముగిసిందా? ప్రతి పని తర్వాత దీన్ని పిలిస్తే పై తప్పు మొదటి పని దగ్గరే దొరికిపోతుంది. చివరి కొలతలప్పుడు మాత్రం ఈ పిలుపు తీసేయాలి, లేకపోతే వేగం పడిపోతుంది.

ఇద్దరు కలిసి చేయొచ్చని నియమాలుంటే ఒకరు `mm.c`, మరొకరు తనిఖీ ఫంక్షన్ రాయడం మంచి విభజన. తన కోడ్‌ను తానే తనిఖీ చేసుకునేవాడు తన అపోహనే రెండుసార్లు రాస్తాడు. ఫిజిక్స్ ల్యాబ్‌లో రీడింగులు ఒకరు చదివితే మరొకరు రాసేవాళ్లం, అలాగే.

సరిచేసిన కోడ్‌కు `short1-bal.rep` మీద మెమరీ వినియోగం ఎంత రావాలో చేత్తోనే లెక్కించవచ్చు. ఒక దశలో ఎక్కువగా వాడుకలో ఉన్నది రెండు 4072లు, అంటే 8144 బైట్లు. హీప్ మూడుసార్లు 4096, మొదట్లో 16, మొత్తం 12,304. భాగిస్తే 66 శాతం. తెరపై అంతకన్నా తక్కువ కనబడితే హీప్ ఎక్కడో అనవసరంగా పెరుగుతోందన్నమాట.

మొదటి రాత్రికి అన్ని పరీక్షలూ తప్పుల్లేకుండా పాసైతే `git commit` చేసి పడుకోవచ్చు. కాకపోతే రెండో ఉదయం కూడా అదే పని. పాసైన వారు రెండో రోజు ఒక్క మెరుగుదలే ఎంచుకోవాలి. ఖాళీ బ్లాకుల జాబితాను కొత్తగా కట్టడం ఫలితమిస్తుంది గానీ సమయం తింటుంది. ప్రతిసారీ మొదటి నుంచి కాకుండా, గతసారి ఆగిన చోటు నుంచి వెతకడం కొన్ని వరుసల మార్పే. అయితే ఆగిన చోటును గుర్తుంచుకున్న పాయింటర్, రెండు బ్లాకులు కలిసినప్పుడు వాటి మధ్యలో ఇరుక్కుపోవచ్చు. కలిపే ఫంక్షన్‌లో దాన్ని కొత్త బ్లాక్ మొదటికి జరపాలి.

సాయంత్రం ఆరు దాటాక కొత్త కోడ్ వద్దు. మార్పు పని చేయకపోతే నిన్నటి కమిట్‌కే తిరిగి వెళ్లి, ఏం ప్రయత్నించామో, ఎక్కడ ఆగిందో ఫైల్ పైన నాలుగు వాక్యాల్లో రాసి సమర్పించాలి.