యజమాని డాలస్‌లో, తాళాలు కొండాపూర్‌లో

హైదరాబాద్‌లో ఫ్లాటు కొని అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండే తెలుగువాళ్లు ఒకప్పుడు దాన్ని బావమరిదికో, పెదనాన్న గారబ్బాయికో అప్పగించేవారు. ఇప్పుడు ఆ పని ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సంస్థలు చేస్తున్నాయి. చుట్టాన్ని లెక్క అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. సంస్థతో ఆ ఇబ్బంది లేదు. కాబట్టి అడగాల్సినవన్నీ ఒప్పందం రాసుకునే రోజే అడిగి తీరాలి.

సంస్థ చేసే పని మూడు దశల్లో ఉంటుంది. మొదటిది ఇంటికి మనిషిని వెతకడం: ఇల్లు చూపించడం, వచ్చినవాళ్ల ఉద్యోగం, గుర్తింపు పత్రాలు పరిశీలించడం, పోలీసు వెరిఫికేషన్‌కు ఇవ్వడం, అద్దె ఒప్పందం రాయించడం. మన దగ్గర ఆ ఒప్పందం ఎక్కువగా పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఈ అలవాటు వచ్చింది. రెండోది నెలనెలా చూసుకోవడం: అద్దె, మరమ్మతులు, అసోసియేషన్‌తో వ్యవహారం, ఆస్తి పన్ను. ఏడాది పన్నును ఏప్రిల్‌లోనే ఒకేసారి కట్టేవారికి జీహెచ్‌ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చింది. అలాంటి గడువు దాటిపోకుండా చూడటం సంస్థ బాధ్యత అని ఒప్పందంలో రాయించాలి. మూడోది ఖాళీ చేయించడం. గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. గోడ మీద మరక అద్దెకున్నవాళ్లు చేసిందా, ముందునుంచీ ఉన్నదా అన్నది తేలాలంటే చేరిన రోజున గదిగదికీ తీసిన తేదీ ఉన్న ఫోటోలు కావాలి. ఆ ఫోటోల మీద రెండు పక్షాల అంగీకారం కూడా ఉండాలి. అవి లేకపోతే అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలన్నది వాదనగానే మిగిలిపోతుంది.

ఇక ఫీజు. సంస్థ పేపరు మీద చూపించే శాతం వేరు, ఏడాది చివర మీ జేబులోంచి పోయేది వేరు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. కొండాపూర్‌లో ఒక ఫ్లాటు అద్దె నెలకు 40,000 రూపాయలు, సంస్థ ఫీజు అద్దెలో 8 శాతం అనుకుందాం. నెలకు 3,200, దానిపై 18 శాతం జీఎస్టీ 576, కలిపి 3,776. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి, పదకొండు నెలల అద్దె వచ్చిందనుకుంటే ఫీజు 41,536. కొత్తవాళ్లను తెచ్చినందుకు సగం నెల అద్దె విడిగా తీసుకుంటే జీఎస్టీతో 23,600. మొత్తం 65,136. వచ్చిన అద్దె 4,40,000. అంటే 8 శాతం అనుకున్నది దాదాపు 15 శాతం అయింది. మరమ్మతుల ఖర్చు ఇందులో లేదు.

ఇదంతా మోసం కాదు. కానీ ఫీజు ఎలా రాసుకున్నామన్నదాన్ని బట్టి సంస్థ ఆసక్తి ఏ వైపు మొగ్గుతుందో గమనించాలి. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ సగం నెల అద్దె వస్తుంటే, ఉన్నవాళ్లను నిలబెట్టుకోవాలన్న పట్టుదల సంస్థకు తగ్గుతుంది. అందుకే సంస్థ తెచ్చినవాళ్లు ఆరు నెలల్లోపే వెళ్లిపోతే, తర్వాతివాళ్లను ఉచితంగా తేవాలని రాయించండి. నెలవారీ ఫీజు రావాల్సిన అద్దె మీద కాదు, వచ్చిన అద్దె మీదే అని స్పష్టంగా ఉండాలి. మరమ్మతుల్లో ప్లంబరు బిల్లు మీద సంస్థ తన వాటా కలుపుతుందా, కలిపితే ఎంత అన్నదీ ముందే తేల్చుకోవాలి. 5,000 రూపాయల లోపు పని అడక్కుండా చేయించవచ్చు, ఆపైన ఫోటో, కొటేషన్ పంపి అనుమతి తీసుకోవాలి అన్న షరతు ఇద్దరికీ సుఖం. అర్ధరాత్రి పైపు పగిలితే మీరు నిద్ర లేచేదాకా వాళ్లు ఆగకూడదు కదా.

నెలవారీ రిపోర్టు ఒక్క పేజీ ఉంటే చాలు: వచ్చిన అద్దె, పట్టుకున్న పన్ను, ఖర్చులు, ప్రతి ఖర్చుకూ బిల్లు, మిగిలింది. కానీ ఆ పేజీని మీరు సంస్థ చేతిలో లేని ఆధారాలతో సరిచూసుకోగలగాలి. రిపోర్టు విలువంతా అందులోనే ఉంది. అలాంటి ఆధారాలు మూడున్నాయి.

మొదటిది మీ బ్యాంకు ఖాతా. అద్దె సంస్థ ఖాతాలోకి వెళ్లి, అక్కడినుంచి మీకు రావడం కాకుండా, అద్దెకున్నవాళ్లే నేరుగా మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయాలి. అడ్వాన్సు కూడా అంతే. సంస్థ తన ఫీజుకు మీకు ఇన్‌వాయిస్ పంపి తీసుకుంటుంది. ఇలా వద్దని గట్టిగా పట్టుబట్టే సంస్థ విషయంలో నేనైతే వెనక్కి తగ్గుతాను.

రెండోది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ ఖాతా. యజమాని ప్రవాసి అయితే అద్దె ఇచ్చేవాళ్లు పన్ను మినహాయించి ఇవ్వాలి. మామూలుగా 30 శాతం, దానిపై సెస్సు, కలిపి 31.2 శాతం. మన ఉదాహరణలో అది 12,480. అంటే ఖాతాలో పడేది 27,520. చాలామంది అద్దెదారులకు ఈ సంగతే తెలియదు. మినహాయించాలంటే వాళ్లు ట్యాన్ నంబరు తీసుకుని, పన్ను కట్టి, మూడు నెలలకోసారి రిటర్ను వేయాలి. ఈ పని ఎవరు చేయించాలో మేనేజ్‌మెంట్ ఒప్పందంలో ఉండాలి. మినహాయించి కట్టకుండా వదిలేస్తే ఆ డబ్బు మీకూ రాదు, మీ పాన్ మీదా కనబడదు. రిపోర్టులో చూపిన పన్ను, పోర్టల్‌లో కనిపించే పన్ను మూడు నెలలకోసారి పోల్చుకోండి. మీ అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను వేసి వాపసు పొందవచ్చు. లేదా తక్కువ మినహాయింపు కోసం ముందుగానే పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

మూడోది కరెంటు బిల్లు. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఫ్లాటు సర్వీసు నంబరు దగ్గరుంటే ఏ దేశం నుంచైనా డిస్కం వెబ్‌సైటులో నెలనెలా బిల్లు చూడవచ్చు. రెండు నెలలుగా ఇల్లు ఖాళీ అని రిపోర్టు వస్తోంది, మీటరు మాత్రం 180 యూనిట్లు తిరిగింది అనుకోండి. ఎవరో లోపల వంట చేసుకుని ఏసీ వేసుకుంటున్నారన్నమాట. ఖాళీ ఇంట్లో అన్ని యూనిట్లు కాలవు. మరమ్మతుల పనివాళ్లు వచ్చారని సంస్థ చెప్పవచ్చు. అప్పుడు ఆ తేదీల్లో గేటు దగ్గర నమోదైన పేర్లు అసోసియేషన్‌ను అడగండి.

సంస్థకు ఇచ్చే అధికారపత్రం సంగతి కూడా చూడాలి. కొన్ని సంస్థలు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అడుగుతాయి. ఇవ్వకండి. అద్దె ఒప్పందం మీద సంతకం, మున్సిపాలిటీ, కరెంటు ఆఫీసు పనులు, ఈ రెండింటికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. అందులో అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి అధికారం లేదని విడిగా రాయించండి. విదేశంలో రాసిన పత్రమైతే భారత్‌కు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

విడిపోయే షరతులు కూడా సంతకం చేసేముందే చదవాలి. ముప్పై రోజుల నోటీసు చాలు. సంస్థను మార్చినా అద్దెకున్నవాళ్లు ఇంట్లోనే ఉంటారు కాబట్టి, వెళ్లే సంస్థ వాళ్ల ఫోను నంబర్లు, ఒప్పందం అసలు ప్రతి, చేరిననాటి ఫోటోలు, అన్ని తాళాలు ఫలానా తేదీలోపు అప్పగించాలని, ఆ తర్వాత వచ్చే అద్దె మీద దానికి ఏ వాటా ఉండదని రాసి ఉండాలి.