విన్నట్టుందా, విన్నదేనా?

బండి నడుపుతూనో వంట చేస్తూనో ఏదో బాణీ నోట్లో ఆడటం మొదలవుతుంది. మాటలుండవు, వట్టి లలలలే. బాగుందని ఫోన్లో రికార్డు చేసుకునేలోపే అనుమానం పట్టుకుంటుంది. ఇది ఎక్కడో విన్నదే కదా?

బీటిల్స్ పాల్ మెకార్ట్నీకీ ఇదే అనుమానం వచ్చింది. 'యెస్టర్‌డే' బాణీ ఆయనకు నిద్రలో తట్టింది. లేస్తూనే పియానో మీద వాయించి చూసుకున్నాడు. అంత సులువుగా దొరికింది తనది ఎలా అవుతుందని, దాదాపు నెల రోజులపాటు సంగీతం తెలిసిన వాళ్లకు వినిపించి 'ఇది ఎవరిదో చెప్పండి' అని అడుగుతూ తిరిగాడు. ఎవరూ చెప్పలేకపోయాక గానీ దాన్ని తనదనుకోలేదు. ఆ పాట 1965లో వచ్చింది.

ఆయన చేసింది మంచి పనే. అయితే నలుగురినీ అడిగేముందు మన చెవినే కొన్ని ప్రశ్నలు అడగొచ్చు. 'విన్నట్టుంది' అన్న భావన ఎక్కువసార్లు పాట నుంచి రాదు, పాట కింద పరిచిన కార్డ్స్ నుంచి వస్తుంది.

సి మేజర్, జి మేజర్, ఎ మైనర్, ఎఫ్ మేజర్. కీబోర్డు నేర్చుకునేవాళ్ల చేతికి త్వరగా అలవాటయ్యే వరస ఇది. బీటిల్స్ 'లెట్ ఇట్ బీ' దీనిమీదే మొదలవుతుంది, బాబ్ మార్లీ 'నో వుమన్, నో క్రై' కూడా ఇదే నడక. ఆ రెండు పాటల్నీ ఎవరూ ఒకటనుకోరు. మరి చుట్టరికం ఎక్కడిది? సి ని షడ్జమం అనుకోండి. మొదటి కార్డ్‌లో స గ ప ఉంటాయి, రెండోదాంట్లో ప ని రి, మూడోదాంట్లో ద స గ, నాలుగోదాంట్లో మ ద స. పాడేవాడు మధ్యలో ఎటు తిరిగినా, దెబ్బ పడే చోట సాధారణంగా ఆ మూడు స్వరాల్లో ఒకదాని మీదే ఆగుతాడు. ఒక్కో కార్డ్ మీద ఒక్కో స్వరం చొప్పున గ... రి... స... స... అని నెమ్మదిగా పాడి చూడండి. నాలుగింటి మీదా హాయిగా కూర్చుంటుంది. ఈ దారిలో నడిచిన పాటలు ఎన్నో ఉన్నాయి. మీ బాణీ కూడా ఆ దారి పట్టి ఉంటే చెవికి పరిచితంగానే ఉంటుంది.

కాబట్టి మొదట చేయాల్సింది రెండింటినీ విడదీయడం. కార్డ్స్ మాత్రమే వాయించి, నోరు మూసుకుని వినండి. 'విన్నట్టుంది' అన్న భావన అప్పుడూ ఉంటే అది కార్డ్స్ వల్ల వచ్చిందే, కంగారు లేదు. తర్వాత వాయిద్యం ఆపేసి, వేరే శ్రుతిలో, కాస్త వేగం మార్చి, వట్టి గొంతుతో పాడండి. అప్పుడూ వదలకపోతే అసలు పరీక్ష మొదలైనట్టు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చూడటానికి జార్జ్ హారిసన్ కేసును మించింది లేదు. ఆయన 1970లో విడుదల చేసిన 'మై స్వీట్ లార్డ్' మీద, 1963లో షిఫాన్స్ బృందం పాడిన 'హీ ఈజ్ సో ఫైన్' హక్కుదారులు దావా వేశారు. తీర్పు చెప్పిన న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఆపెరాలు రాసిన స్వరకర్త. ఆయన రెండు పాటల్నీ స్వరాలుగా విప్పి చూశాడు. మన స్వరాల్లో చెప్పుకుంటే మొదటి ముక్క ప గ రి. రెండో ముక్క ప ద స ద స, ఇక్కడ స పై షడ్జమం.

ఇవన్నీ మోహనంలో ఉన్న స్వరాలే. 'వరవీణా' గీతంతో సంగీతం మొదలుపెట్టిన మన పిల్లలకు కూడా బాగా అలవాటైనవి. ప గ రి అని దిగడం, ప ద స అని ఎక్కడం ఎవరి సొత్తూ కాదు. విడివిడిగా చూస్తే ఈ ముక్కలు అరుదైనవి కావని న్యాయమూర్తీ ఒప్పుకున్నాడు. ఆయన చూసింది వాటి కూర్పును. పాత పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు వచ్చి, ఆ వెంటనే రెండో ముక్క నాలుగుసార్లు వస్తుంది. హారిసన్ పాటలో మొదటిది నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు, నాలుగోసారికి బదులు సుమారు అంతే నిడివిగల మరో పలుకు. పైగా పాత పాటలో రెండో ముక్క రెండోసారి వచ్చినప్పుడు చిన్న రిషభం తొంగిచూసి ప ద స ద రి స అవుతుంది. హారిసన్ పాటలోనూ అదే చోట అదే రిషభం. హార్మనీ కూడా ఒకటే. కావాలని కాజేశాడని తాను నమ్మడం లేదని అంటూనే, ఆ పాట ఆయన మనసు అడుగున ఉండి పైకి వచ్చిందని 1976లో న్యాయమూర్తి తేల్చాడు.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఆ చిన్న రిషభమే. స కి చేరడం ఏ బాణీకైనా సహజం. అక్కడ రి ని తాకి రావాల్సిన అవసరం మాత్రం లేదు. అవసరం లేని అలాంటి వంపు రెండు పాటల్లోనూ ఒకే చోట ఉంటే, అది యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచే కేసు కేటీ పెర్రీ 'డార్క్ హార్స్'ది. 'జాయ్‌ఫుల్ నాయిస్' అనే పాటలో వెనక మళ్లీ మళ్లీ వినిపించే స్వరగుచ్ఛాన్ని అందులో వాడుకున్నారన్నది ఆరోపణ. రెంటిలోనూ మైనర్ స్కేల్‌లో గ నాలుగుసార్లు సమానంగా పడి, తర్వాత రి కి దిగుతుంది. 2019లో జ్యూరీ కాపీయే అంది. 2020లో న్యాయమూర్తి ఆ తీర్పును కొట్టేశారు, 2022లో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మోగించి ఒక మెట్టు దిగడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి.

ఇక మీ బాణీకి వద్దాం. స్వరాలు తాళంతో సహా రాసుకోండి. ఏ స్వరం దెబ్బ మీద పడుతోందో, ఏది సాగుతోందో గుర్తు పెట్టండి. తర్వాత, మీరు కట్టిన చోటుతో ఆపకుండా పాడుతూ పోండి. నిజంగా మీరే కట్టిందైతే అక్కడితో దారి మూసుకుపోయి, వెతుక్కోవాల్సి వస్తుంది. అలా కాకుండా చరణమో, మధ్యలో వేణువు బిట్టో, ఒక మాట మొదటి అక్షరమో తనంతట తాను వచ్చేస్తే అది జ్ఞాపకమే అనుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. చివరికి షడ్జమానికి వస్తుందని ఊహించడం జ్ఞాపకం కాదు, సంగీతం అలవాటైన ఏ చెవికైనా అది తెలుసు. ఎవరూ ఊహించలేని వంపు తడబాటు లేకుండా వచ్చిందా అన్నది చూడాలి.

గూగుల్‌లో 2020 నుంచి కూనిరాగంతో పాటను వెతకొచ్చు. పది పదిహేను సెకన్లు చాలు. పైన కనిపించిన మొదటి పేరు చూసి హడలిపోవద్దు, దగ్గరగా ఉన్నవాటిని చూపించడం దాని పని. పల్లవి ఒకసారి, చరణం ఒకసారి విడిగా పాడి చూడండి. రెండింటికీ అదే పాట వస్తే ఆ పాటను మొత్తం వినాల్సిందే. ప్రతిసారీ వేరే పేర్లు వస్తే మీరు నలుగురూ నడిచే దారిలో ఉన్నట్టు లెక్క. ఏమీ దొరకకపోయినా మీదేనని రుజువు కాదు. అందులో చేరని జానపదాలు, భజనలు, చిన్న సినిమాల పాటలు ఉండొచ్చు. అందుకే వేర్వేరు వయసులవాళ్లకు, వేర్వేరు సంగీతం వినేవాళ్లకు ఒక్కొక్కరికి విడిగా వినిపించాలి. ముందే ఏ పాట పేరూ అందించకూడదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇద్దరు ఒకే పాట పేరు చెబితే దాన్ని పట్టించుకోవాలి.

పోలిక నిజమేనని తేలితే కార్డ్స్ మార్చి లాభం లేదు, వేగం పెంచినా అంతే. ముక్కలు వచ్చే వరస, ఎన్నిసార్లు వస్తున్నాయన్నది, ఆ అనవసరపు వంపు ఉన్న చోటు, వీటిని కదపాలి. వాటిని కదిపాక పాట చప్పబడిపోతే, మీకు అందులో నచ్చింది అవతలివాళ్లదే.