ఈఓడీ అంటే ఎవరి సాయంత్రం?

జులైలో ఒక గురువారం అనుకుందాం. న్యూయార్క్‌లోని క్లయింటు మేనేజరు నుంచి హైదరాబాద్ టీముకు మెయిల్ వచ్చింది: ‘మార్చిన రిపోర్టు ఫ్రైడే ఈఓడీకి పంపండి’. అందరూ చదివారు, అందరూ ఓకే అన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు, చిక్కల్లా అక్కడే వచ్చింది.

టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఈఓడీ అంటే తన షిఫ్టు ముగిసే శుక్రవారం రాత్రి 7 గంటలనుకున్నాడు. టీమ్ లీడ్ అనుభవం ఉన్న మనిషి. క్లయింటు ఆఫీసు మూసే టైం, అంటే న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలు అని లెక్క కట్టాడు. అది మనకు శనివారం తెల్లవారుజాము 2.30. మూడో ఆవిడ ‘శుక్రవారం తేదీ మారేలోపు పంపితే చాలు కదా’ అంది. న్యూయార్క్‌లో రాత్రి 11.59 అంటే మనకు శనివారం ఉదయం 9.29. ఒకే మాటకు ముగ్గురు మూడు అర్థాలు చెప్పారు. మొదటి అర్థానికీ చివరిదానికీ మధ్య పద్నాలుగున్నర గంటల తేడా ఉంది.

ఇంతకీ మేనేజరుకు కావాల్సింది ఈ మూడింటిలో ఏదీ కాదు. శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు రిపోర్టు తెరిచి, అంకెలు సరిచూసుకుని, 5 గంటలకు తన పైవాళ్లకు పంపాలని ఆమె ఉద్దేశం. ఆ 3 గంటలు మనకు అర్ధరాత్రి దాటాక 12.30. టీమ్ లీడ్ చెప్పినట్టు 2.30కి పంపితే అతని లెక్క తప్పు కాదు, కానీ ఆమె పని చెడింది. కుర్రాడు చెప్పినట్టు 7కే పంపితే, చేతిలో ఉన్న ఐదున్నర గంటలు వదులుకుని సగం సరిచూసిన రిపోర్టు పంపినట్టు.

గడువు ఇచ్చేవాళ్ల మనసులో ఎప్పుడూ ఒక తర్వాతి పని ఉంటుంది. ‘నేను దీన్ని ఎన్నింటికి తెరుస్తాను?’ అన్నదే అసలు గడువు. ఈఓడీ అనే మూడక్షరాలు దాన్ని దాచేస్తాయి. మొరటుగా ఆజ్ఞ వేసినట్టు ఉండకూడదనే చాలామంది ఆ మాట వాడతారని నా అనుమానం. ‘3 గంటలకల్లా కావాలి’ అనడం కటువుగా, ‘ఈఓడీ’ అనడం మెత్తగా తోస్తుంది. ఆ మెత్తదనానికి మూల్యం అవతలివాళ్ల నిద్ర.

సీఓబీ, అంటే వ్యాపార వేళలు ముగిసేలోపు అనే మాట ఇంతకన్నా నయమనిపిస్తుంది. వ్యాపార వేళలకు కనీసం ఒక ముగింపు ఉంది కదా! మన చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 47వ సెక్షన్ ప్రకారం, ఫలానా రోజున చేస్తానన్న పనిని ఆ రోజు మామూలు వ్యాపార వేళల్లో, చేయాల్సిన చోటనే చేయాలి. దానికి చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. జనవరి 1న సరుకును గోదాముకు చేరుస్తానని ఒకడు మాట ఇచ్చాడు. ఆ రోజే తెచ్చాడు, కానీ మామూలుగా గోదాము మూసే వేళ దాటాక తెచ్చాడు. వాళ్లు దించుకోలేదు. అతను మాట నిలబెట్టుకోనట్టే లెక్క. తేదీ సరిపోయినా వేళ సరిపోలేదు.

గోదాముకైతే తలుపులుంటాయి, ఇన్‌బాక్సుకు ఉండవు. పైగా మూసే వేళ వ్యాపారాన్ని బట్టి మారుతుంది. ఒక హోల్‌సేల్ వ్యాపారి కొట్టు రాత్రి 9 దాకా తెరిచే ఉన్నా, సరుకు దించుకునే గోదాము గేటు 5కే మూసేస్తాడు. స్టాక్ మార్కెట్లో మామూలు ట్రేడింగు మధ్యాహ్నం 3.30కి ఆగుతుంది. ఆ ఆఫీసుల్లో లైట్లు మాత్రం ఆ తర్వాత చాలాసేపు వెలుగుతూనే ఉంటాయి. కాబట్టి సీఓబీ అన్నప్పుడు ఎవరి తలుపు, ఎన్నింటికి మూస్తారో చెప్పకపోతే అది కూడా ఈఓడీకి తమ్ముడే.

‘మధ్యాహ్నంలోపు’ కథ వేరు. ఇక్కడ దేశాలు దాటక్కర్లేదు, ఒకే వీధిలో తేడా వస్తుంది. మనకు మధ్యాహ్నం అంటే ఒక క్షణం కాదు, ఒక పూట. 12కి మొదలై 3 దాటినా మధ్యాహ్నమే. నెల నెలా జీఎస్టీ రిటర్ను వేసే చిన్న వ్యాపారిని తీసుకోండి. జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ‘మిగిలిన బిల్లులు 20న మధ్యాహ్నంలోపు పంపండి’ అని అకౌంటెంటు వాట్సాప్ చేస్తాడు. అతని లెక్కలో అది 12 గంటలు. బిల్లులు ఎక్కించాలి, పోర్టల్లో చూపించే కొనుగోళ్లతో సరిచూడాలి, తేడా ఉంటే ఫోన్ చేసి అడగాలి, చలానా కట్టించాలి. వ్యాపారి భోజనం చేసి, కాస్త నడుం వాల్చి, 3 గంటలకు బిల్లుల ఫొటోలు పంపుతాడు. అతని దృష్టిలో ఆలస్యమే జరగలేదు! ‘20న 12 గంటలకు ఎక్కించడం మొదలుపెడతాను, ఆ తర్వాత వచ్చిన బిల్లులు వచ్చే నెలకే’ అని రాసుంటే ఈ గొడవ ఉండేది కాదు.

12 అంకెతో ఇంకో తంటా ఉంది. ‘12 పీఎం’ అంటే పగలా రాత్రా అని తడుముకునేవాళ్లు ఎందరో. ఫోన్లూ కంప్యూటర్లూ దాన్ని పగటి 12గానే చూపిస్తాయి, కానీ మనుషులందరూ అలా చదవరు. ‘20వ తేదీ రాత్రి 12’ అన్నా కష్టమే, ఎందుకంటే 20 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా అన్నది తేలదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ కూడా ఇలాంటి చోట రాత్రి 11.59 అనో, 12.01 అనో రాయమంటుంది. ఒక్క నిమిషం అటో ఇటో జరిపితే తేదీ తేలిపోతుంది.

టైం జోన్ల పొట్టి పేర్లను కూడా నేను నమ్మను. ఐఎస్‌టీ అంటే మనకు భారత కాలమానం, కానీ ఐర్లండ్, ఇజ్రాయెల్ వాళ్లూ తమ కాలమానానికి అదే పొట్టి పేరు వాడతారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. న్యూయార్క్‌కూ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అయినా జులైలో సైతం అలవాటుగా ఈఎస్‌టీ అని రాసేవాళ్లున్నారు. నిజానికి అది చలికాలపు పేరు. దాన్ని అక్షరాలా పట్టుకుంటే గంట తప్పుతుంది. అందుకే ఊరి పేరు రాయడం మేలు. ‘న్యూయార్క్ టైం’ అంటే ఏ కాలంలోనైనా ఒకటే అర్థం. తేదీలో నెలను కూడా అక్షరాల్లోనే రాయాలి. 06/07 మనకు జులై 6, వాళ్లకు జూన్ 7.

మొదటి మెయిల్‌ను ఇప్పుడు తిరగరాద్దాం: ‘మార్చిన రిపోర్టు జులై 11, శుక్రవారం, న్యూయార్క్ టైం మధ్యాహ్నం 2 గంటలలోపు పంపండి. హైదరాబాద్‌లో అది శుక్రవారం రాత్రి 11.30. నేను 3కి తెరుస్తాను. అప్పటికి అంతా పూర్తికాకపోతే మొదటి రెండు పట్టికలైనా పంపండి, మిగతాది సోమవారం చూస్తాను.’ నాలుగు వాక్యాలు ఎక్కువేమీ కాదు. అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యమే. గడువు తప్పేలా ఉన్నప్పుడు ఏది ముందు పంపాలో టీముకు తెలిసిపోతుంది. అర్ధరాత్రి ఫోన్లు తప్పుతాయి. పని అంత తొందరది కాకపోతే ఆ సంగతి కూడా రాయొచ్చు: ‘సోమవారం ఉదయం మీరు ఆఫీసుకు వచ్చాక పంపినా చాలు’.

పంపేవాళ్లు మారకపోతే అందుకున్నవాళ్లే ఈ పని చేయాలి. ‘ఈఓడీ అంటే ఎన్నింటికి?’ అని అడిగితే చాలాసార్లు జవాబు మర్నాటిగ్గానీ రాదు, ఎందుకంటే మనం అడిగే వేళకు వాళ్లు నిద్రలో ఉంటారు. అడిగే బదులు మన లెక్క చెప్పేయడం నయం: ‘శుక్రవారం రాత్రి 11.30కి పంపుతాను, మీకు అప్పుడు మధ్యాహ్నం 2. ఇంకా ముందే కావాలంటే మీ గురువారం సాయంత్రంలోగా చెప్పండి.’ అయ్యో, అందులోనూ సాయంత్రం వచ్చింది. ‘మీ గురువారం సాయంత్రం 5లోగా’ అని దిద్ది పంపండి.