రెండు బాణాల మెసేజి

కుటుంబ గ్రూపులో అడ్మిన్‌ది విచిత్రమైన ఉద్యోగం. పేరుకు అధికారమంతా తనదే. తీరా చూస్తే గ్రూపులో సగం మంది తనకన్నా పెద్దవాళ్లు, తను కాళ్లకు దండం పెట్టవలసినవాళ్లు. సీమంతం ఫొటోలకూ రైలు టికెట్లకూ మధ్య పెదనాన్నగారు ‘రేపటి నుంచి ఏటీఎంలు మూడు రోజులు బంద్, వెంటనే అందరికీ పంపండి’ అని పెడితే, అది అబద్ధమండీ అని చెప్పేదెవరు?

మా ఇంటి గ్రూపులో ఆ ఉద్యోగం మా చిన్నవదినది. ఆవిడ ఈమధ్య పెట్టిన మెసేజి ఇది:

“పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. మామయ్యగారితో మాట్లాడి, ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఇంటి కబుర్లు, ఫొటోలు, దేవుడి పటాలు, శుభోదయాలు, జోకులు ఎప్పటిలాగే పెట్టుకుందాం. వార్తలు, వైద్యం, డబ్బు, పోలీసు హెచ్చరికలు, తప్పిపోయిన పిల్లలు, రక్తం కావాలి... ఇలాంటివి బయటినుంచి మీకు వస్తే ముందు నాకు విడిగా పంపండి. కనుక్కుని చెబుతాను. ఆలస్యం చేస్తే నన్ను తిట్టండి. ఎవరైనా పెట్టింది తప్పని తెలిస్తే గ్రూపులో ఎవరూ ఎత్తిచూపొద్దు, నేనే ఫోన్ చేస్తాను. అప్పటికే దాన్ని వేరేవాళ్లకు పంపి ఉంటే, వాళ్లకు కూడా ‘అది నిజం కాదట’ అని ఒక ముక్క పంపండి. నేను తప్పు పెట్టినా ఇదే పద్ధతి. – మీ కోడలు”

చదవడానికి ఇంటి కోడలు మర్యాదగా రాసిన నాలుగు ముక్కల్లా ఉంటుంది. కానీ ఇందులో ప్రతి వాక్యానికీ వెనక ఒక లెక్క ఉంది.

మొదటిది, శుభోదయాలకు మినహాయింపు. అన్నీ ఆపేసి ‘అవసరమైతేనే మెసేజి పెట్టండి’ అన్న గ్రూపులు చూశాను. అవి శ్మశానాల్లా ఉంటాయి. ఊళ్లో ఒంటరిగా ఉండే అత్తయ్యకు పొద్దున్నే పువ్వు బొమ్మ పంపడమంటే నేను లేచాను, బాగున్నాను అని చెప్పడం. దాన్ని ముట్టుకుంటే ఆవిడ అలుగుతుంది, మిగతా పద్ధతులూ ఎవరూ వినరు. వదిన ఆపమన్నది ఒక రకం మెసేజీలనే: విన్నవాళ్లు భయపడి లేచి ఏదో ఒకటి చేసేసేవి.

అవి ఏం చేయిస్తాయో 2018లో మన రాష్ట్రాలు రెండూ చూశాయి. ఆ ఏడాది మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో మెసేజీలు తిరిగాయి. ముఠా అదే, జిల్లా పేరు మాత్రం మారేది. అపరిచితులు కనబడితే కొట్టడం మొదలైంది, ప్రాణాలూ పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు చాటింపులతోనూ జానపద కళాకారుల పాటలతోనూ అది పుకారని చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయాన్ని దించడానికి మళ్లీ రచ్చబండ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో ఉంది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బైకు మీద ఇద్దరు వస్తారు, ఒక పిల్లాణ్ని లాక్కుని వెళ్లిపోతారు. సీసీ కెమెరా దృశ్యంలా ఉంటుంది. చూసినవాళ్లకు ఇంకేం సాక్ష్యం కావాలి? నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత మీద అవగాహన కోసం రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థకు తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ బైకు వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లాణ్ని దింపుతారు, ఒక అట్ట మీద రాసినది చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించారు. అంతే. కల్పించినది ఏమీ లేదు, తీసేసినదే ఉంది. ‘వీడియో ఉందిగా’ అనే మాట అందుకే రుజువు కాదు.

అదే ఏడాది జులై 13న హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకు కారులో వెళ్లారు. దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. చూసినవాళ్లు అనుమానించారు, నిలదీశారు. వాళ్లు భయపడి కారులో బయల్దేరేసరికి ముందున్న ముర్కీ గ్రామానికి కబురు వెళ్లిపోయింది. అక్కడ రోడ్డుకు అడ్డం పెట్టి ఆపారు. గుంపు చేసిన దాడిలో ఒక యువకుడు చనిపోయాడు. కారు కన్నా మెసేజి ముందు చేరింది. పంపినవాళ్లలో చాలామంది తమ ఊరి పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు.

ఆ వేసవి తరువాతే వాట్సాప్ మన ఫోన్లలో కొన్ని మార్పులు చేసింది. ఒకరి నుంచి మరొకరికి దాటించిన మెసేజి పైన చిన్న బాణం గుర్తు కనబడటం, ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపలేకపోవడం 2018 జులైలో వచ్చినవే. ఇప్పుడు రెండు బాణాలతో Forwarded many times అని కనిపిస్తే, రాసిన మనిషి నుంచి మన దాకా అది కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అంటే పంపిన మామయ్యకు దాని పుట్టుక తెలియదు, ఆయనకు పంపినవాళ్లకూ తెలియదు. 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. కోవిడ్ పుకార్ల రోజులవి. ఆ కట్టడి తరువాత రెండు బాణాల మెసేజీల రాకపోకలు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది.

అయితే బాణం లేనంత మాత్రాన నమ్మడానికి లేదు. ఎవరైనా ఆ మాటల్ని కాపీ చేసి కొత్త మెసేజిగా అతికిస్తే గుర్తు పోతుంది. మన బాబాయి పేరుతో, బాబాయి సొంతంగా రాసినట్టే వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి వదిన దగ్గర ఒక కొలత ఉంది. బాబాయి మామూలుగా ‘పంపించండి’ అని కూడా పూర్తిగా రాయడు, ‘పంపు’ అంటాడు. అలాంటి మనిషి నుంచి ‘యావన్మంది ప్రజలకు విజ్ఞప్తి’ అని వస్తే, అది ఆయన రాసినది కాదు.

ఇక విడిగా వచ్చినదాన్ని ఆవిడ ఎలా కనుక్కుంటుంది? పెద్ద విద్యేమీ కాదు. వీడియో అయితే ఒకచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతుకుతుంది. పాత వీడియో అయితే ఏ దేశానిదో, ఏ ఏటిదో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రాత అయితే అందులోని ముఖ్యమైన నాలుగు మాటలకు ‘ఫ్యాక్ట్ చెక్’ అని చేర్చి తెలుగులోనే వెతుకుతుంది. ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనూ రాస్తాయి కాబట్టి ఆ లింకు పెద్దవాళ్లకు నేరుగా పంపవచ్చు. కేంద్ర ప్రభుత్వ పథకం అంటే పీఐబీ ఫ్యాక్ట్ చెక్, తుపాను అంటే వాతావరణ శాఖ ప్రకటన. ఎక్కడా ఏమీ దొరకలేదనుకోండి, ‘దొరకలేదు మామయ్యా, రేపటిదాకా ఆగుదాం’ అంటుంది. కొత్తగా పుట్టిన పుకారును ఎవరూ ఇంకా పరిశీలించి ఉండరు. దొరకకపోవడం నిజమనడానికీ అబద్ధమనడానికీ గుర్తు కాదు.

రక్తం కావాలనే మెసేజీల దగ్గర మాత్రం ఆగుదాం అనలేం. వాటికి ఒకటే పద్ధతి, అందులోని నంబరుకు ఫోన్ చేయడం. ఈ మెసేజీల్లో తేదీ ఉండదు. ‘ఈరోజు సాయంత్రం ఆపరేషన్’ అని ఉంటుంది, ఆ ఈరోజు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు నిజంగా అవసరమై రాసినదే ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది, అవసరం తీరిన ఇంటికి ఫోన్లు మాత్రం ఆగవు. అవతలివాళ్లు అవునంటే ఆసుపత్రి పేరు, తేదీ, వేళ చేర్చి తానే కొత్తగా రాసి గ్రూపులో పెడుతుంది. దాత దొరికాక దొరికారని కూడా పెడుతుంది. తప్పిపోయిన పిల్లల ఫొటోలకూ ఇంతే. దొరికిన పిల్లాడి ఫొటో ఇంకా తిరుగుతూనే ఉంటే ఆ ఇంట్లోవాళ్లకు అదొక నరకం.

తప్పని తేలినదాన్ని తీసే పద్ధతిలోనూ మెలకువ ఉంది. అడ్మిన్‌కు ఎవరి మెసేజి అయినా అందరికీ కనబడకుండా తీసేసే వీలు 2022లో వచ్చింది. కానీ అలా తీస్తే, అడ్మిన్ తీసేశారని ఆ స్థానంలో అందరికీ కనిపిస్తుంది. పెదనాన్నగారి మాటను కోడలు చెరిపేసిందని నూరు మందీ చూస్తారు. అదే పెదనాన్నగారు తానే తీసేస్తే, తీసేసినట్టు మాత్రమే ఉంటుంది. రెండున్నర రోజులు దాటిందంటే ఆయనకు ఆ అవకాశం పోతుంది. వదిన వెంటనే ఫోన్ చేస్తానన్నది అందుకు. మెసేజి మీద వేలు నొక్కిపట్టి Delete for everyone ఎక్కడుందో ఫోన్లోనే చెబుతుంది. Delete for me నొక్కితే ఆయన ఫోన్లో ఒక్కటే పోతుంది, మిగతా అందరి దగ్గరా ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

తీసేసినా, ఈలోగా దాన్ని పట్టుకెళ్లినవాళ్ల దగ్గర అది ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం దీని గురించే: ఎక్కడికి పంపారో అక్కడికే దిద్దుబాటూ పంపాలి. మా గ్రూపులో ఉన్న పిన్ని అపార్టుమెంటు గ్రూపులోనూ, భజన మండలిలోనూ, కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపులోనూ ఉంటుంది. ఇక్కడి అబద్ధం అక్కడికి పిన్ని చేతుల మీదుగానే వెళ్లింది. అక్కడ దాన్ని ఆపగలిగినదీ ఆవిడే. ఆ గ్రూపుల్లో ఏముందో వాట్సాప్ కూడా చదవలేదు, సందేశాలు అలా తాళం వేసి ఉంటాయి. ఎవరు ఎక్కడికి పంపారో గుర్తున్నది పంపినవాళ్లకే.

ఇది చెప్పడానికి పిన్నికి మొహమాటం ఉంటుంది. అందుకని వదిన దిద్దుబాటు కూడా రాసి ఇస్తుంది: “నిన్న నేను పంపిన ఏటీఎంల సంగతి నిజం కాదని తెలిసింది. మీరు ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకూ చెప్పండి.” ఇందులో క్షమాపణలు, సంజాయిషీలు లేవు. పుకారును మళ్లీ వివరంగా వర్ణించడం కూడా లేదు, ఎందుకంటే సగం చదివినవాళ్లకు ఆ సగమే గుర్తుంటుంది.

అడ్మిన్లను పోలీసులు పట్టుకుపోతారన్న భయమూ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. సభ్యుడు పెట్టినదానికి, కేవలం అడ్మిన్ అయినందుకు ఆ మనిషిని బాధ్యుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. తెలిసి తెలిసి పుకారు పుట్టించినవాళ్ల సంగతి వేరు.

ఈ పద్ధతికి తెగని చిక్కు గొంతు మెసేజీలు. ‘మా బావమరిది స్టేషన్లోనే పనిచేస్తాడు, వాడే చెప్పాడు’ అని ఒక తెలియని గొంతు కంగారుగా చెబుతుంది. లెన్స్‌కు అందదు, వెతకడానికి మాటలు దొరకవు, పైగా గొంతులో భయం నిజంలా వినిపిస్తుంది. ఇలాంటిది వస్తే వదిన పంపినవాళ్లను ఒక్కటే అడుగుతుంది: ఆ గొంతు ఎవరిదో మీకు తెలుసా? తెలియదంటే అక్కడితో సరి, తెలుసంటే వాళ్లకు ఫోన్ చేయిస్తుంది.

మెసేజి పెట్టిన వారంలో ఆవిడ ఇంకో పని చేసింది. రెండో అడ్మిన్‌గా ఎవరిని పెట్టాలని ఇంట్లో చర్చ వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్లల్లో ఒకరిని అనుకున్నారంతా. ఆవిడ పెద్దమామయ్యను పెట్టింది. గ్రూపులో అందరికన్నా ఎక్కువ ఫార్వర్డులు ఆయనవే. ఇప్పుడు రెండు బాణాల మెసేజి కనబడితే ఆయనే తోడల్లుడికి ఫోన్ చేసి, ఇది నీకు ఎవరు పంపారోయ్ అని ఆరా తీస్తున్నాడు.