నగదు ఎక్కడిదన్న ప్రశ్న

సేవింగ్స్ ఖాతాలో ఇంతకు మించి నగదు జమ చేయకూడదని ఆదాయపు పన్ను చట్టం చెప్పదు. జనం హద్దు అనుకునే 10 లక్షలు నిజానికి బ్యాంకుకు సంబంధించిన గీత. ఒకరి పేరిట ఉన్న సేవింగ్స్ ఖాతాల్లో ఆర్థిక సంవత్సరం మొత్తం మీద అంత నగదు పడితే బ్యాంకు పన్ను శాఖకు తెలపాలి. పాన్ అడగకుండా ఉంటారని రోజుకు 49 వేల చొప్పున కట్టేవారున్నారు. ఏడాది లెక్క ముందు ఆ తెలివి నిలవదు సరికదా, విడగొట్టి కట్టిన తీరే అనుమానం పుట్టిస్తుంది.

హద్దులు ఉన్నది మనుషుల మధ్య చేతులు మారే నగదుకు. ఒకరి నుంచి ఒకే రోజున గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే శుభకార్యం నిమిత్తం గానీ 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. అప్పుకూ, స్థిరాస్తి అమ్మకం బయానాకూ అయితే హద్దు ఇంకా తక్కువ: 20 వేలు, ఆపైన నగదు కూడదు. రెండింటిలోనూ పుచ్చుకున్న మొత్తమంతా జరిమానాగా పడవచ్చు. అది ఇచ్చినవారికి కాదు, తీసుకున్నవారికి. బ్యాంకు నుంచి సొంత డబ్బు డ్రా చేసుకోవడానికి ఈ నిషేధం వర్తించదు.

జమ అయిన డబ్బుకు మూలం చెప్పుకోవడం వేరే సంగతి. ఒక ఊహా ఉదాహరణ చూస్తే ఈ రెండూ ఎక్కడ ముడిపడతాయో తెలుస్తుంది. గుంటూరు జిల్లాలో పెన్షన్ మీద పన్ను కట్టే విశ్రాంత ఉపాధ్యాయుడొకరు 2023 నవంబరులో 12 లక్షల నగదు ఖాతాలో వేశారు. రిటర్ను పరిశీలనకు ఎంపికై నోటీసు వచ్చింది. ఎదురుగా కూర్చుని నచ్చజెప్పుకునే రోజులు పోయాయి. జవాబూ కాగితాలూ పోర్టల్‌లో పెట్టాల్సిందే. ఆయన చూపిన మూలాలు నాలుగు: జూన్‌లో బ్యాంకు నుంచి తీసిన 5 లక్షలు, మిర్చి అమ్మిన 3 లక్షలు, బావమరిది నగదుగా ఇచ్చిన అప్పు రెండున్నర లక్షలు, ఇంట్లో దాచిన లక్షన్నర.

బ్యాంకు నుంచి తీసిన 5 లక్షలకు స్టేట్‌మెంటు ఉంది కాబట్టి సులువనిపిస్తుంది. కానీ అధికారి అడిగేది డబ్బు తీసిన సంగతి కాదు, అయిదు నెలలు ఇంట్లో ఎందుకుందన్నది. స్థలం కొందామని తీశారు, బయానా ఇవ్వకముందే బేరం చెడింది. మధ్యవర్తితో నడిచిన మెసేజీలు దీనికి ఆధారం. మధ్య నెలల్లో ఇంటి ఖర్చుకు ఏటీఎం నుంచి చిన్న మొత్తాలు తీస్తూ ఉండటం కూడా మేలే చేసింది, ఆ 5 లక్షలు ఖర్చు కాలేదనడానికి. సెప్టెంబరులో మరో లక్ష తీసి ఉంటే మాత్రం, చేతిలో అంత ఉండగా అదెందుకన్న ప్రశ్న వచ్చేది.

మిర్చి డబ్బుకు పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే చాలదు. అది పొలం ఉందని చెబుతుంది, పంట అమ్మారని చెప్పదు. ఏప్రిల్‌లో యార్డులో రెండు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు సరుకు అమ్మినప్పుడు కమిషన్ వ్యాపారి ఇచ్చిన 1,60,000, 1,40,000 బిల్లులు అందుకు పనికొచ్చాయి. అదే ఒక్క అమ్మకానికి 3 లక్షలు నగదుగా అంది ఉంటే, రైతు సొమ్మైనా 2 లక్షల నిషేధం తగిలేది. వ్యవసాయ ఆదాయాన్ని రిటర్నులో ముందే చూపి ఉండటం కూడా కలిసొచ్చింది. పెట్టుబడి దేనితో పెట్టారన్న ప్రశ్నకు పెన్షన్ ఖాతా నుంచి ఎరువుల దుకాణానికి వెళ్లిన చెల్లింపులే జవాబు.

అసలు చిక్కు అప్పు దగ్గర. బావమరిది ఎవరు, అంత ఇచ్చే స్తోమత ఉందా, నిజంగా ఇచ్చారా అన్న మూడూ రుజువైతే ఆ సొమ్ముకు మూలం తేలినట్టే. కానీ అదే జవాబు 20 వేల నిబంధన ఉల్లంఘనను ఒప్పుకున్నట్టూ అవుతుంది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. ఇక్కడ పెన్షన్ దానికి అడ్డు. తగిన కారణం చూపితే జరిమానా తప్పవచ్చు. ఆస్పత్రి అత్యవసరం లాంటిదైతే చెప్పుకోవచ్చు గానీ, తెచ్చిన డబ్బును తీరిగ్గా బ్యాంకులో వేసుకున్నవారికి ఆ వాదన కష్టం.

దాచిన లక్షన్నరకు కాగితం లేదు. అది కుటుంబ ఆదాయానికీ ఖర్చుకూ పొంతన కుదిరేదేనా అన్నది అధికారి విచక్షణ. నమ్మకపోతే, ఆ సంవత్సరానికి వర్తించే 1961 చట్టం ప్రకారం 60 శాతం పన్ను, అంటే 90,000. దానిపై 25 శాతం సర్‌ఛార్జి 22,500, ఆ రెండింటి మీద 4 శాతం సెస్ 4,500. మొత్తం 1,17,000. వడ్డీ వేరు, పన్నులో పదో వంతు జరిమానా కూడా వేరు.

ఇదే లెక్కన అప్పును నమ్మకపోతే రెండున్నర లక్షలపై 1,95,000 పన్ను పడుతుంది. నమ్మితే జరిమానా రెండున్నర లక్షలు పడే వీలుంది. నిజం చెప్పినవారికే భారం ఎక్కువయ్యే ఈ విడ్డూరం చూసి కొందరు అప్పును పొదుపుగా మార్చి రాస్తారు. బావమరిది ఖాతాలో అదే వారంలో రెండున్నర లక్షలు డ్రా అయినట్టు కనిపిస్తే ఆ కథ అక్కడే బయటపడుతుంది, మిగతా మూడు జవాబులనూ అధికారి మళ్లీ మొదటి నుంచి తిరగేస్తారు.