బీన్స్ కూరకి స్పానిష్‌లో ఎన్ని పేర్లు?

"పావుకిలో బీన్స్, రెండు బంగాళాదుంపలు, గుప్పెడు పల్లీలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ, పసుపు, ఉప్పు, పోపు సామాను." మన ఇళ్లలో బీన్స్-ఆలూ పల్లీపొడి కూర వంటకాన్ని కాగితం మీద రాస్తే మొదటి వాక్యం ఇలాగే ఉంటుంది. దీన్ని స్పానిష్‌లోకి మార్చమని ఎవరైనా అడిగితే, చేయి తిరిగిన అనువాదకులు ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: ఏ దేశపు స్పానిష్‌లోకి?

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. ఒక దేశపు వార్తాపత్రికని ఇంకో దేశంలో ఇబ్బంది లేకుండా చదువుకుంటారు. వంటగదిలోకి అడుగుపెట్టేసరికే వ్యవహారం తేడా వస్తుంది. అయితే అన్ని దినుసుల పేర్లూ మారిపోవు. పై కాగితంలో ఉల్లిపాయ ఎక్కడికెళ్లినా సెబోయా. వెల్లుల్లి వేసేవాళ్లుంటే అది ఆహో, పక్కన అన్నం అర్రోస్. బీన్స్‌కి బదులు వంకాయ అయినా బెరెన్‌హేనా అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు. చిక్కంతా బీన్స్, బంగాళాదుంప, పల్లీ, మిరపకాయలతోనే.

ఈ నాలుగూ పుట్టింది అమెరికా ఖండాల్లో. స్పెయిన్ వాళ్లు సముద్రం దాటి వెళ్లేనాటికి వీటిని అక్కడివాళ్లు పండించుకుంటున్నారు, తమ భాషల్లో పేర్లు పెట్టుకున్నారు. కరీబియన్ దీవుల్లో తైనో, మెక్సికోలో నావాత్ల్, ఆండీస్ కొండల్లో కెచువా. వలస వచ్చినవాళ్లు ఎక్కడి పేరు అక్కడ తీసుకున్నారు. ఉల్లి, వెల్లుల్లి, బియ్యం, వంకాయ మాత్రం స్పెయిన్ నుంచి ఓడల్లో పేర్లతో సహా దిగాయి, కాబట్టి వాటికి ఒక పేరే నిలబడింది. అందుకని వంటకం చేతికి రాగానే "ఇది అమెరికా పంటా, కాదా?" అని ప్రతి దినుసునీ అడిగి చూడటం మంచి పద్ధతి. అమెరికాదైతే దాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. మన ఇంటి కూరే అనుకున్న దాంట్లో సగానికి సగం గీతలు పడతాయి, అది వేరే సంగతి.

పల్లీలతో మొదలుపెడదాం, అవి తేలిక. మెక్సికోలో కకావాతే, ఇది నావాత్ల్ నుంచి వచ్చింది. స్పెయిన్ వాళ్లు దాన్నే కాస్త తిప్పి కకావేతే అంటారు. దక్షిణ అమెరికా చాలా మేరకు తైనో మాట మనీ వాడుతుంది. బంగాళాదుంప స్పెయిన్ ప్రధాన భూభాగంలో పతాతా, అమెరికా దేశాల్లో కెచువా మాట పాపా. ఈ రెంటిలో ఏది రాసినా పాఠకులకి అర్థమవుతుంది, మహా అయితే "ఇది రాసింది మావాళ్లు కాదు" అనుకుంటారు.

బీన్స్ దగ్గర అలా సరిపెట్టుకోవడం కుదరదు. లేత కాయలతో కూర వండే ఈ బీన్స్ స్పెయిన్‌లో హుదీయాస్ వెర్దెస్, మెక్సికోలో ఎహోతెస్, అర్జెంటీనాలో చౌచాస్, చిలీలో పొరోతోస్ వెర్దెస్, పెరూలో బైనీతాస్, కొలంబియాలో అబిచ్వేలాస్. ఇందులో ప్రమాదకరమైనది చివరిది. కొలంబియా వంటకంలో "అబిచ్వేలాస్ పావుకిలో" అని రాసి ఉంటే అక్కడివాళ్లు పచ్చి కాయలు కొంటారు. అదే కాగితం ప్యూర్టోరికో చేరితే ఎండు గింజలు, అంటే మన రాజ్మా లాంటివి, కొని నానబోస్తారు. మాట ఒక్కటే, కూర మాత్రం రెండు రకాలుగా తయారవుతుంది. శాస్త్రీయ నామం వెతికితే తెగిపోతుంది కదా అనిపిస్తుంది. తెగదు. పచ్చి బీన్స్, రాజ్మా రెండూ వృక్షశాస్త్రంలో ఒకే జాతి. కాయ లేతగా ఉన్నప్పుడు కోస్తే కూర, ఎండనిచ్చి వలిస్తే గింజ. కాబట్టి ఎవరు చదువుతారో తెలియని కాగితంలో పేరు పక్కనే "లేత పచ్చి కాయలు, తొక్కతో సహా తినేవి" అని ఒక ముక్క చేర్చడమే మేలు.

మిరపకాయది ఇంకో తంటా. మెక్సికోలో చీలే, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల అహీ. స్పెయిన్‌లో కారంగా ఉండేదాన్ని గిందీయా అంటారు. అర్జెంటీనాలో అహీ అంటే కారం లేని క్యాప్సికం కూడా కావచ్చు, అందుకే "కారంగా ఉండే" అనే మాట కలపకపోతే కూర తియ్యగా తేలుతుంది. పేరు సరిపోయినా ఘాటు సరిపోవాలని లేదు. మెక్సికో పాఠకులకైతే సెర్రానో రకం అని రాస్తే మన పచ్చిమిర్చికి దగ్గరగా వస్తుంది. మిగతా చోట్ల కాయల లెక్క ఇవ్వకుండా "రుచి చూసి వేసుకోండి" అనడం న్యాయం.

అమెరికా పంట కాకపోయినా ముంచే మాటలు లేకపోలేదు. ఈ కూర వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటారు. నెయ్యిని "కాచి వడకట్టిన వెన్న" అని వివరించాలి. వెన్నకి అర్జెంటీనాలో వాడే మాట మంతేకా. మెక్సికోలో, స్పెయిన్‌లో మామూలుగా మంతేకా అంటే పంది కొవ్వు, అక్కడ వెన్న కావాలంటే మంతెకీయా అనాలి. బ్యూనస్ ఐరిస్ స్నేహితుల కోసం రాసిన కాగితాన్ని మెక్సికోలో శాకాహారులకి ఇచ్చామంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వంటకంలో అన్నిటికన్నా ముందు సరిచూడాల్సిన మాట ఇదే అని నా అభిప్రాయం. బీన్స్ పొరపాటు పడితే ఒక పూట కూర పోతుంది, ఇక్కడ పోయేది నమ్మకం. పోపు సామానులో ఆవాలు కూడా చూసి రాయాలి. ఉత్త మొస్తాసా అని వదిలేస్తే సీసాలో దొరికే పచ్చటి ముద్ద తెచ్చుకుంటారు. "ఆవ గింజలు" అని స్పష్టంగా ఉండాలి.

ఇక కొలతలు. స్పెయిన్ ఇళ్లలో వంటకాలు ఎక్కువగా గ్రాముల్లో నడుస్తాయి. మెక్సికోలో తాసా, అంటే కప్పు, బాగా వాడుక. అది సుమారు 240 నుంచి 250 మిల్లీలీటర్లు. స్పెయిన్‌లో తాసా అంటే కాఫీ కప్పు గుర్తుకొచ్చినా ఆశ్చర్యం లేదు. కొలంబియా సంతలో లీబ్రా అంటే 500 గ్రాములు, కాబట్టి మన పావుకిలో అక్కడ సరిగ్గా అర లీబ్రా. ప్యూర్టోరికోలో లీబ్రా 454 గ్రాముల దగ్గర ఆగుతుంది. కూరకి ఈ తేడా లెక్కలోకి రాదు, మైసూరుపాకైతే ఆలోచించాలి. గుప్పెడుకి పున్యాదో అనే మాట అంతటా ఉంది, గుప్పెడు పల్లీలకి అది చాలు. జాగ్రత్తపడాల్సింది స్పూను దగ్గర. మనం "స్పూను ఉప్పు" అంటే చిన్న చెంచా, 5 మిల్లీలీటర్లు, అక్కడ కుచరదీతా. తొందరలో కుచరాదా అని రాస్తే అది 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచా. అంటే ఉప్పు మూడింతలు.

క్రియలకి వచ్చేసరికి ముందు మన తెలుగునే విడగొట్టుకోవాలి. "పల్లీలు వేయించి, ఉల్లిపాయ వేయించి" అని ఒకే మాట రాస్తాం. పల్లీలు ఉత్త మూకుడులో, ఉల్లిపాయ నూనెలో అని మనకి చెప్పక్కర్లేదు. స్పానిష్‌లో మొదటిది తొస్తార్, రెండోది సొఫ్రెయీర్. రెంటికీ నూనెలో వేపడం అనే ఫ్రెయీర్ రాస్తే పల్లీలు నూనెలో తేలుతాయి, పొడి కొట్టాక ముద్దవుతుంది. పొడి కొట్టడానికి మొలేర్ అనాలి. మిక్సీ కదా అని లిక్వార్ రాస్తే మెక్సికోలో దాన్ని నీళ్లు పోసి తిప్పే పనిగా తీసుకుంటారు, పొడికి బదులు పల్లీ పులుసు వస్తుంది. పైగా లిక్వదోరా అంటే మెక్సికోలో మిక్సీ లాంటి యంత్రం, స్పెయిన్‌లో మామూలుగా పండ్ల రసం తీసే యంత్రం.

మూత పెట్టి మగ్గించడానికి ఒకే మాట వెతుక్కుని ప్రయోజనం లేదు. "మూత పెట్టి, నీళ్లు పోయకుండా, సన్నటి మంట మీద" అని పని చెబితే సరిపోతుంది. పోపుదీ అదే దారి: నూనె కాగాక ఆవాలు వేయాలి, అవి చిటపటలాడటం ఆగాక మినప్పప్పు, అది ఎర్రబడ్డాక కరివేపాకు. చెవికి, కంటికి తెలిసే గుర్తులు రాస్తే ఏ దేశంలోనైనా పనిచేస్తాయి. "దుంపలు ఒక విజిల్" అన్న మన లెక్క మాత్రం తీసేయాలి. చాలా దేశాల్లో ప్రెషర్ కుక్కర్లు మన వాటిలా ఉండుండి కూత పెట్టవు, అక్కడ నిమిషాలు లెక్కపెడతారు. ముక్కలు చిన్నవి కాబట్టి కుక్కర్ ఊసే ఎత్తకుండా "చాకు మొన సులువుగా దిగేదాకా ఉడికించాలి" అనొచ్చు.

ఇంకో క్రియ ఉంది, దాని అర్థం పత్రికలో నేరుగా రాయలేను. స్పెయిన్‌లో "ఒక గిన్నె తీసుకోండి" అనడానికి కొహేర్ అనే మాట నిత్యం వాడతారు. మెక్సికోలో, అర్జెంటీనాలో అది పచ్చి బూతు. బదులుగా తొమార్ వాడితే ఎవరూ నవ్వరు. అసలు ఆజ్ఞార్థకమే లేకుండా రాయడం ఇంకా సుఖం. నువ్వు, మీరు అనే వాటికి దేశాన్ని బట్టి క్రియ రూపం మారిపోతుంది, అర్జెంటీనాది వేరు, స్పెయిన్‌ది వేరు. "తరగడం, వేయడం, కలపడం" అన్నట్టు క్రియ మూలరూపంలోనే వంటకమంతా రాసేస్తే ఆ గొడవ ఉండదు. చాలా వంట పుస్తకాలు పాటించే పద్ధతి కూడా అదే.

చదివేది ఒకే దేశంవాళ్లని తెలిస్తే వాళ్ల మాటలే రాసి ముగించాలి. నాలుగు దేశాలవాళ్లుంటే ప్రతి దినుసు పక్కనా నాలుగు పేర్లు గుప్పించొద్దు. పైన ఒక చిన్న పట్టికలో పల్లీ, బంగాళాదుంప, బీన్స్, మిర్చి, వెన్న ఈ అయిదింటి పేర్లు ఇచ్చి, లోపల ఒకే పేరు వాడితే కాగితం శుభ్రంగా ఉంటుంది. ఇంగువ, కరివేపాకు, మినప్పప్పు దొరక్కపోతే మానేయవచ్చని ముందే చెప్పాలి. కరివేపాకుని "కర్రీ ఆకులు" అని రాసినప్పుడు "కర్రీ పొడి కాదు" అని చేర్చడం మరవకూడదు.

చివరగా సరిచూడాలి. ఆ దేశంలో పెరిగినవాళ్లకి కాగితం ఇచ్చి "బాగుందా?" అని అడిగితే మర్యాదకి బాగుందనే అంటారు. దానికి బదులు, ఈ కూరకి సంతలో ఏమేం కొంటారో చీటీ రాసి ఇమ్మనాలి. ఆ చీటీలో "డబ్బా బీన్స్ గింజలు" అనో, "ఆవ ముద్ద సీసా" అనో కనిపిస్తే దిద్దాల్సిన వరుస ఏదో అక్కడే దొరుకుతుంది.